పద్నాలుగు రోజులు శిక్ష కాదమ్మా

"మావాడికి పద్నాలుగు రోజులు జైలు వేశారండీ." మేజిస్ట్రేటు కోర్టు వరండాలో ఏ సాయంత్రం నిలబడినా ఈ మాట వినపడుతుంది. అనేది ఎక్కువగా తల్లులు. కొడుకుని లోపలికి తీసుకెళ్లిన అయిదు నిమిషాలకే బయటికి తెచ్చి వ్యాను ఎక్కిస్తారు. ఏం జరిగిందని అడిగితే, పక్కనున్న కానిస్టేబుల్ "పద్నాలుగు రోజులు" అని ఒక్క ముక్క చెప్పి వెళ్లిపోతాడు. విచారణ లేదు, సాక్షులు లేరు, తను నోరు విప్పే అవకాశమే రాలేదు, అప్పుడే శిక్ష పడిపోయిందని ఆ తల్లి అక్కడే కూలబడుతుంది. నిజానికి ఆ రోజు ఎవరూ ఎవరికీ శిక్ష వేయలేదు.

ఇక్కడ చెప్పబోయేది అలాంటి ఒక తల్లి కథ. కోర్టుల దగ్గర కనిపించే ఎందరో తల్లుల అనుభవాలను కలిపి అల్లినది కాబట్టి ఇందులో పేర్లూ లేవు, ఊరూ లేదు. డెల్టాలోని ఒక చిన్న పట్టణం అనుకోండి. చట్టం, పద్ధతి మాత్రం ఉన్నవి ఉన్నట్టే రాస్తున్నాను.

ఆమె నాలుగిళ్లలో పాచిపని చేస్తుంది. భర్త లేడు. ఇరవై రెండేళ్ల కొడుకు మెకానిక్ షెడ్డులో పని నేర్చుకుంటున్నాడు. సోమవారం పొద్దున ఎనిమిదింటికి మఫ్టీలో ఇద్దరు వచ్చి షెడ్డు నుంచి అతన్ని తీసుకెళ్లారు. స్నేహితుడొకడు అమ్మిపెట్టమని తెచ్చిన మోటార్‌సైకిల్ దొంగబండి అని తేలింది. రాత్రంతా స్టేషన్ బయట అరుగు మీద కూర్చున్న తల్లికి ఒక్కటే మాట చెప్పారు: "రేపు కోర్టులో పెడతాం, అక్కడికి రామ్మా."

మంగళవారం పొద్దున తొమ్మిదింటికల్లా ఆమె కోర్టు దగ్గరుంది. పదిన్నరకు మేజిస్ట్రేటు బెంచి మీదకు వచ్చారు. అటెండరు గుమ్మంలో నిలబడి ఒక్కొక్క పేరూ గట్టిగా పిలుస్తున్నాడు. పేరు పిలిచినప్పుడల్లా ఈమె లేచి గుమ్మం దాకా వెళ్లేది. అవి వాయిదాకు వచ్చినవాళ్ల పేర్లు. ఆమె కొడుకు పేరు ఆ జాబితాలో ఉండదు. కొత్తగా అరెస్టయినవాడి కేసుకు ఇంకా కోర్టు నంబరే పడదు. పోలీసులు కాగితాలు పట్టుకుని ఎప్పుడు తెస్తే అప్పుడే హాజరు. ముందు ప్రభుత్వాసుపత్రిలో వైద్య పరీక్ష చేయించాలి, రిమాండ్ రిపోర్టు తయారు చేయాలి, కేసు డైరీ నకలు జతపరచాలి. ఇదంతా అయ్యేసరికి చాలాసార్లు సాయంత్రమవుతుంది. ఒక్కోసారి కోర్టు వేళ దాటిపోయి మేజిస్ట్రేటు ఇంటి దగ్గరే హాజరుపరుస్తారు, ఆదివారమైనా అంతే. ఈ సంగతి తెలియక పొద్దుటి నుంచి అన్నం నీళ్లు లేకుండా వరండాలో కాచుక్కూచునే తల్లులు ఎందరో. కోర్టు కానిస్టేబుల్‌ని గానీ బెంచ్ క్లర్కును గానీ "ఫలానా స్టేషన్ రిమాండు ఎన్నింటికి రావచ్చు బాబూ" అని అడిగితే ఆ ఒక్క ముక్కా చెబుతారు. ఎవరిని అడగాలో తెలియడమే ఆమెకున్న మొదటి ఇబ్బంది.

అయిదున్నరకు కొడుకుని తెచ్చారు. అప్పటికి మేజిస్ట్రేటు మేడం బెంచి దిగి ఛాంబర్‌లో ఉన్నారు. కొడుకు, ఎస్సై, ఒక కానిస్టేబుల్, చేతిలో ఫైలుతో ఒక యువ లాయరు లోపలికి వెళ్లారు. తల్లి కూడా వెళ్లబోతే "మీరు ఇక్కడే ఉండండమ్మా" అని ఆపారు. "మావాడు ఏ పాపమూ ఎరగడని చెప్పాలయ్యా, ఒక్క మాట చెప్పనివ్వండి" అని బతిమాలింది. తలుపు పడింది.

ఆ తలుపు వెనక జరిగే పనిని అర్థం చేసుకుంటే మిగతాదంతా అర్థమవుతుంది. ఆ రోజు మేజిస్ట్రేటు ముందున్న ప్రశ్న ఆ అబ్బాయి దొంగతనం చేశాడా లేదా అన్నది కాదు. అది విచారణలో, సాక్ష్యాలు విన్నాక ఎప్పటికో తేలేది. ఆ రోజు తేల్చాల్సింది, దర్యాప్తు సాగుతుండగా ఇతన్ని లోపల ఉంచాలా, బయట ఉండనివ్వాలా అన్నది ఒక్కటే. అరెస్టు చేసిన మనిషిని 24 గంటల్లోపు మేజిస్ట్రేటు ముందు నిలబెట్టి తీరాలని రాజ్యాంగం 22వ అధికరణం చెబుతోంది. స్టేషన్ నుంచి కోర్టుకు ప్రయాణించే సమయం ఒక్కటే ఆ లెక్కలోకి రాదు. ఆపైన ఒక్క గంట ఉంచాలన్నా పోలీసుల ఇష్టం చెల్లదు, మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహితలో 187వ సెక్షన్ కింద ఇచ్చే ఆ ఉత్తర్వే రిమాండ్. మేజిస్ట్రేటు ఒక్కసారికి 15 రోజులు మించి ఇవ్వకూడదు. అందుకే మామూలుగా 14 రోజులని రాస్తారు. గడువు తీరేలోపు మళ్లీ హాజరుపరిచి, అవసరమైతే పొడిగిస్తారు. ఈ రెండోసారి హాజరు చాలాచోట్ల జైలు నుంచి వీడియోలోనే జరిగిపోతుంది. అందుకే పద్నాలుగో రోజున కొడుకుని ఇంటికి తీసుకెళ్దామని కోర్టుకు వచ్చే తల్లికి కొడుకు కనపడడు, విడుదలా కనపడదు.

పొడిగింపుకూ ఒక హద్దుంది. ఈ అబ్బాయి మీద పెట్టింది దొంగతనం సెక్షన్, భారతీయ న్యాయ సంహితలో 303(2). పడితే గరిష్ఠంగా 3 ఏళ్ల జైలు. ఇలాంటి కేసులో 60 రోజుల్లో పోలీసులు ఛార్జిషీటు వేయకపోతే బెయిల్ ఇవ్వడం తప్పనిసరి. హత్యలాంటి పెద్ద నేరాల్లో ఆ గడువు 90 రోజులు. ఇది దానంతటదే రాదు. అరవై రోజులు నిండాక, ఛార్జిషీటు పడేలోపు, బెయిల్ కోరుతూ అర్జీ పెట్టుకోవాలి. ఒక్క రోజు ఏమరుపాటుగా ఉండి, ఈలోగా ఛార్జిషీటు పడిపోతే ఆ హక్కు చేజారుతుంది.

మళ్లీ ఛాంబర్‌లోకి వద్దాం. అక్కడ మేజిస్ట్రేటు అడిగే ప్రశ్నలు తక్కువే, కానీ ప్రతి ప్రశ్నకూ బరువుంది. నీ పేరేమిటి, నిన్ను ఎప్పుడు ఎక్కడ పట్టుకున్నారు, ఎందుకు పట్టుకున్నారో చెప్పారా, మీవాళ్లకు తెలియజేశారా, కొట్టారా, లాయరు ఉన్నారా. ఆ అబ్బాయి తరవాత జైలు ములాఖత్‌లో తల్లికి చెప్పిన ప్రకారం, ఎప్పుడు పట్టుకున్నారని అడిగితే "ఇవాళ మధ్యాహ్నం మేడం" అన్నాడు. రిపోర్టులోనూ అదే ఉంది. మంగళవారం మధ్యాహ్నం రెండింటికి వాహనాలు తనిఖీ చేస్తుండగా దొరికాడని రాశారు. సోమవారం పొద్దున ఎనిమిదింటికి షెడ్డు నుంచి తీసుకెళ్లిన సంగతి ఏ కాగితం మీదా లేదు. లెక్క వేస్తే అప్పటికి 33 గంటలు దాటాయి. పక్కన ఎస్సై నిలబడి ఉండగా ఆ ఇరవై రెండేళ్ల పిల్లాడికి అది చెప్పే ధైర్యం లేకపోయింది. బయట ఉన్న తల్లికి ధైర్యం ఉంది, కానీ తన దగ్గరున్న సమాచారానికి విలువ ఉందని తెలియదు. పాపమెరగడని చెప్పాలని తపించింది. ఆ మాట ఆ రోజు ఎవరికీ పనికిరాదు. నిన్న పొద్దున ఎనిమిదింటికి తీసుకెళ్లారు, షెడ్డు యజమాని చూశాడు అన్న మాట చెప్పి ఉంటే, అరెస్టు చట్టప్రకారం జరిగిందా అన్న ప్రశ్న అక్కడికక్కడే లేచేది.

ఆ మాట ఎవరితో చెప్పాలి? ఫైలు పట్టుకుని లోపలికి వెళ్లిన ఆ యువ లాయరుతో. ఆయన పోలీసుల మనిషి అనుకుంది ఆమె. ఆయన న్యాయ సేవల సంస్థ తరఫున వచ్చిన రిమాండ్ లాయరు, ఆమె కొడుకు కోసమే వచ్చినవాడు. భాగల్పూర్‌లో విచారణ ఖైదీల కళ్లు పొడిచేసిన దారుణం మీద 1980లో తీర్పు చెబుతూ, మొదటిసారి మేజిస్ట్రేటు ముందుకు తెచ్చినప్పటి నుంచే పేద నిందితుడికి ఉచితంగా లాయరును ఇవ్వాలని సుప్రీంకోర్టు చెప్పింది. ఆ హక్కు ఉందని మేజిస్ట్రేటే అతనికి తెలియజేయాలని కూడా చెప్పింది. 1987 నాటి న్యాయ సేవల సంస్థల చట్టం ప్రకారం కస్టడీలో ఉన్న ఎవరికైనా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది, ఆదాయం ఎంతని అడగరు. హక్కు ఇంత స్పష్టంగా ఉన్నా, ఆ లాయరుకూ ఈ తల్లికీ మధ్య పట్టుమని పది అడుగుల దూరం ఉన్నా, ఒకరికొకరు తెలియకుండానే ఆ సాయంత్రం గడిచిపోయింది. ఆయన చేతికి రిమాండ్ రిపోర్టు వచ్చింది కొన్ని నిమిషాల ముందే. నా దృష్టిలో మొదటి హాజరులో జరిగే అతి పెద్ద నష్టం ఇదే.

ఆయన చేతిలో మంచి వాదనే ఉంది. ఏడేళ్ల లోపు శిక్ష పడే నేరాల్లో అరెస్టు మామూలు తంతు కాకూడదని 2014 జులైలో అర్నేశ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ముందు నోటీసు ఇచ్చి పిలిపించాలి. అరెస్టు తప్పదంటే ఎందుకు తప్పదో పోలీసులు కారణాలు రాసివ్వాలి, ఆ కారణాలు సరైనవో కావో చూడకుండా మేజిస్ట్రేటు యాంత్రికంగా రిమాండ్ రాయకూడదు. పారిపోతాడనో, సాక్షుల్ని బెదిరిస్తాడనో, మళ్లీ నేరం చేస్తాడనో ఆధారం చూపాలి. మూడేళ్ల శిక్ష పడే ఈ కేసు దాని కిందికే వస్తుంది. సొంత ఊరు, ఒకే షెడ్డులో పని, మీద వేరే కేసులు లేవు. ఈ వివరాలు తల్లి నోటి నుంచి లాయరు చెవిన పడితే వాదనకు బలం వచ్చేది. 2025 నవంబరులో సుప్రీంకోర్టు మరో మెట్టు ఎక్కింది. ఏ కేసులోనైనా సరే అరెస్టు కారణాలను నిందితుడికి అర్థమయ్యే భాషలో రాసి ఇవ్వాలనీ, వెంటనే కుదరకపోతే కనీసం మేజిస్ట్రేటు ముందుకు తెచ్చే రెండు గంటల ముందైనా ఇవ్వాలనీ చెప్పింది. కాబట్టి కొడుకుని చూడగానే అడగాల్సిన ప్రశ్న "నీకు తెలుగులో కాగితం ఇచ్చార్రా?" అన్నది. ఇవ్వకపోతే ఆ సంగతి లాయరుకు చెప్పాలి.

ఇవేవీ ఆ రోజు జరగలేదు. మేడం రిమాండ్ వారెంటు మీద సంతకం పెట్టారు. వ్యాను సబ్ జైలుకు వెళ్లింది.

మర్నాడు ఎవరో చెబితే ఆమె కోర్టు ఆవరణలోనే ఉన్న న్యాయ సేవల కార్యాలయానికి వెళ్లింది. అక్కడ ఆ యువ లాయరే కనిపించాడు. "అమ్మా, నిన్న మీరు బయటే ఉన్నారా? మీ అబ్బాయి మా అమ్మ వచ్చిందో లేదో అన్నాడు" అన్నాడాయన. ఆమెను కూర్చోబెట్టి అన్నీ అడిగి రాసుకున్నాడు. బెయిల్ పిటిషన్ వేశాడు. ఈరోజే వదులుతారనుకుంది ఆమె. పిటిషన్ నకలు ప్రభుత్వ ప్లీడరుకు ఇవ్వాలి, ఆయన పోలీసుల దగ్గర వివరాలు తెప్పించుకుని తన మాట చెప్పాలి, అప్పుడే ఉత్తర్వు. అది రెండు రోజుల తరవాతకు పడింది. ఈసారి వాదన బహిరంగ కోర్టులోనే జరిగింది, వెనక బెంచీలో కూర్చుని ఆమె చూసింది. ఇంగ్లిషులో నాలుగు మాటలు అటూ ఇటూ అనుకున్నారు. లాయరు వెనక్కి తిరిగి తలాడించాడు. బెయిల్ వచ్చింది.

బయటికి వచ్చాక ఆయన చెప్పాడు: "పదివేల పూచీకత్తు, అంతే మొత్తానికి ఇద్దరు జామీనుదారులు." ఆమె ఆ రాత్రే చెవులకున్న కమ్మలు తీసి తాకట్టు పెట్టింది. ఇరవై వేలు కట్టాలి కదా అనుకుంది.

పూచీకత్తు డబ్బు ఆ రోజు కట్టేది కాదు. ముద్దాయి ప్రతి వాయిదాకూ వస్తాడని జామీనుదారుడు ఇచ్చే రాతపూర్వక హామీ అది. అతను రాకుండా పారిపోతే అప్పుడు ఆ మొత్తం వసూలు చేస్తారు. కోర్టు చూసేదల్లా, అవసరమొస్తే అంత చెల్లించే స్తోమత ఈ జామీనుదారుకు ఉందా అన్నది. ఇంటి పన్ను రసీదో, పొలం పాసుపుస్తకమో, ఉద్యోగి అయితే జీతం స్లిప్పో చూపించాలి. ఆధార్ నకలు, ఫొటోలు పెట్టాలి, స్వయంగా వచ్చి మేజిస్ట్రేటు అడిగినదానికి జవాబు చెప్పాలి. నగదు కట్టమని కోర్టు ప్రత్యేకంగా ఉత్తర్వులో రాస్తే తప్ప కౌంటర్లో డబ్బు కట్టే పనే ఉండదు. ఆ తేడా తెలియని చోటే "జామీనుదారుల్ని నేను చూస్తాను, ఇంత ఇవ్వండి" అనేవాళ్లు తల్లుల చుట్టూ చేరతారు. ఊరూపేరూ తెలియని మనిషి డబ్బు పుచ్చుకుని పూచీ పడితే ఆ కాగితాలు నకిలీవి కావచ్చు. అది బయటపడితే బెయిలే రద్దవుతుంది, పైగా కొత్త కేసు.

ఆమెకు ఒక జామీనుదారు దొరికాడు, పనిచేసే ఇంటి పెద్దాయన. రెండో మనిషి ఆమె తమ్ముడు. అతనికి ఇల్లుంది, కానీ ఖమ్మంలో. స్థానికుడు కాదు కదా అని ఆఫీసులో సందేహం లేచింది. ఇలాంటి సందేహం చాలా పాతది. 1978లో మోతీరామ్ అనే తాపీ మేస్త్రీకి సుప్రీంకోర్టు బెయిల్ ఇస్తే, కింది మేజిస్ట్రేటు పదివేల పూచీ అడిగాడు. అతని అన్నదమ్ముడు జామీను పడతానంటే, ఆస్తి వేరే జిల్లాలో ఉందని ఒప్పుకోలేదు. జస్టిస్ కృష్ణయ్యర్ ఆ ఉత్తర్వును తప్పుపట్టి, పేదవాడికి మోయలేని పూచీ అడగరాదనీ, వేరే జిల్లావాడన్న కారణంతో జామీనుదారును తిప్పి పంపరాదనీ తీర్పిచ్చారు. 2023 జనవరి 31న సుప్రీంకోర్టు మళ్లీ చెప్పింది: స్థానిక జామీనుదారే కావాలని పట్టుబట్టడం వల్ల విడుదలలు ఆలస్యమవుతున్నాయి, అలాంటి షరతు పెట్టకుండా ఉండవచ్చు అని. బెయిల్ వచ్చి ఏడు రోజులైనా విడుదల కాకపోతే జైలు సూపరింటెండెంట్ జిల్లా న్యాయ సేవల సంస్థకు తెలియజేయాలి. నెల దాటినా పూచీ ఇవ్వలేకపోతే షరతులు సడలించే సంగతి కోర్టు తనంతట తానే ఆలోచించవచ్చు. లాయరు ఈ మాట గుర్తుచేశాక తమ్ముడి కాగితాలు తీసుకున్నారు.

విడుదల ఉత్తర్వు జైలుకు చేరేసరికి ఆ రోజు గేటు వేళ దాటింది. మర్నాడు పొద్దున అబ్బాయి బయటికొచ్చాడు. కమ్మలు విడిపించడానికి వెళితే, మూడు రోజులకే అయినా నెల వడ్డీ తీసుకున్నారు.

కేసు అయిపోయిందనుకుంది ఆమె. చాలామంది తల్లులు ఇక్కడే పొరపడతారు. బెయిల్‌తో కేసు పోదు. పోలీసులు ఛార్జిషీటు వేశాక కోర్టు సమన్లు పంపుతుంది, ఆ కాగితాల నకళ్లన్నీ నిందితుడికి ఉచితంగా ఇస్తారు, అప్పటి నుంచే అసలు విచారణ. వాయిదాకు వెళ్లకపోతే నాన్‌బెయిలబుల్ వారెంటు వస్తుంది, జామీను పడ్డ తమ్ముడి మెడకూ చుట్టుకుంటుంది. పైగా బెయిల్ మీద ఉండి కారణం లేకుండా హాజరు కాకపోవడం ఇప్పుడు విడిగా నేరం, ఏడాది దాకా శిక్ష పడొచ్చు. కేసుకు కోర్టులో నంబరు పడ్డాక 16 అక్షరాలు, అంకెలతో ఒక సీఎన్‌ఆర్ నంబరు వస్తుంది. దాన్ని ఈకోర్ట్స్ యాప్‌లో కొడితే వాయిదా ఏ రోజుకు పడిందో ఇంట్లోనే చూసుకోవచ్చు. ఆ లాయరు ఆ నంబరును ఒక చీటీ మీద రాసిచ్చాడు. ఆమె దాన్ని రేషన్ కార్డు కవరులో పెట్టుకుంది.

ఇది చదివే వకీళ్లకూ, కోర్టు సిబ్బందికీ ఒక విన్నపం. రిమాండు అయ్యాక ఆ తలుపు బయట ఎవరో ఒక తల్లి ఉంటుంది. ఇది శిక్ష కాదని, మళ్లీ ఏ తేదీకి ఏ కోర్టుకు రావాలో, బెయిల్ కోసం ఏ కాగితాలు తేవాలో, ఎవరికీ డబ్బు ఇవ్వక్కర్లేదని తెలుగులో ఒక చీటీ మీద రాసి ఆమె చేతికివ్వండి. ఆ తల్లులకు చెప్పాల్సింది ఒకటే. లాయరు లేకపోతే ఏ రోజైనా, ఏ వేళైనా 15100 నంబరుకు ఫోన్ చేయండి. అది న్యాయ సేవల సంస్థ నంబరు, రూపాయి ఖర్చు లేదు.